టైపు రాని దేవ్‌సింగ్‌కు కోదాడ నుంచి వచ్చిన ఉత్తరం

పంతొమ్మిది వందల ఎనభై ఏడులో దేవ్‌సింగ్ తాత ఇంకా తాత కాదు. ఇరవై రెండేళ్లవాడు. అప్పుడు తన మీసం నల్లగా, దట్టంగా ఉండేదని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా గౌరీబాయి నానమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. మీసం సంగతి ఎలా ఉన్నా, పాలకీడు దగ్గరి ఆ తండాలో ఇంటర్మీడియెట్ పాసైన మొదటి మనిషి అతడే. ఆ గొప్ప అతనికి కాస్త ఎక్కువే ఉండేది. పొలానికి వెళ్లినా చొక్కా జేబులో పెన్ను పెట్టుకుని వెళ్లేవాడు. వంగినప్పుడల్లా అది బురదలో పడేది. తీసి, తుడిచి, మళ్లీ జేబులోనే పెట్టుకునేవాడు.

ఇంటర్ సూర్యాపేటలో హాస్టల్లో ఉండి చదివాడు. అక్కడే మోతె నుంచి వచ్చిన ఏసుపాదంతో స్నేహం కుదిరింది. ఇద్దరిదీ ఒకటే బెంచీ, ఒకటే సబ్బు. చదువు అయిపోవస్తుండగా ఇద్దరూ కలిసి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఏసుపాదం మిషన్ ముందు కూర్చుంటే పది వేళ్లూ వాన కురిసినట్టు కదిలేవి. దేవ్‌సింగ్‌వి మాత్రం రెండే వేళ్లు పనిచేసేవి. మిగతా ఎనిమిదీ ఆ రెండింటినీ చూస్తూ ఊరుకునేవి. రెండు నెలలు తిరక్కుండానే తండా నుంచి కబురొచ్చింది. తండ్రి భద్రు సర్కారు వాళ్లకు విత్తన వరి వేశాడు. పొలంలో కేళీలు పడ్డాయి, అంటే వేసిన రకం కాకుండా వేరే రకం మొక్కలు అక్కడక్కడా లేచాయి. వాటిని వేళ్లతో సహా పీకి గట్టు అవతల పడేయకపోతే విత్తనం పనికిరాదని అధికారి చెప్పిపోయాడు. భద్రు కళ్లకు దూరం ఆనదు. దేవ్‌సింగ్ కళ్లు మాత్రం గద్ద కళ్లు. అలా టైపు లోయర్ పరీక్ష జరిగే వారంలో అతడు మోకాళ్ల లోతు మడిలో ఉన్నాడు. ఏసుపాదం పరీక్ష రాసి పాసయ్యాడు.

అప్పుడు దేవ్‌సింగ్‌కు ఏమీ అనిపించలేదు. అసలు సంగతి రెండేళ్ల తరువాత మొదలైంది.

హుజూర్‌నగర్‌లో టీ కొట్టు దగ్గర పేపరు చదువుతుంటే అతనికి ఒక ప్రకటన కనబడింది. కోదాడలోని ఒక విత్తనాల కంపెనీకి టైపిస్టు క్లర్కు కావాలట. ఇంటర్ పాసై ఉండాలి, ఇంగ్లీషు టైపు లోయర్ పాసై ఉండాలి. కొట్టువాడు అటు తిరగగానే ఆ ముక్క చించి జేబులో పెట్టుకున్నాడు. అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేదో! ఆ వారమే బస్సులో ఏసుపాదం కలిశాడు. స్నేహం పొంగి, దేవ్‌సింగ్ ముక్క తీసి చూపించాడు. ఇద్దరూ దరఖాస్తు పెట్టుకున్నారు. లోయర్ గడిలో దేవ్‌సింగ్ "నేర్చుకుంటున్నాను" అని రాశాడు. సర్టిఫికెట్ లేని లోటు పూడ్చడానికి చివర్న ఇంకో ఆరు వరుసలు చేర్చాడు. రెండు పంటలు విత్తన మడిలో పని చేశానని, ఎండ వీపు మీద పడేటట్టు నడిస్తే కేళీ మొక్క ఎంత దూరంలో ఉన్నా పట్టగలనని రాశాడు. టైపిస్టుకు ఆ విద్య ఎందుకని అడిగేవాళ్లు పక్కన ఎవరూ లేకపోయారు.

ఏసుపాదానికి ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. దేవ్‌సింగ్‌కు రాలేదు. అక్టోబరు ఒకటో తారీఖున ఏసుపాదం కుర్చీ ఎక్కాడని పాలకీడు సంతలో తెలిసింది. ఫ్యాన్ కింద కుర్చీ అని కూడా తెలిసింది. ఆ రోజు నుంచి దేవ్‌సింగ్‌కు అన్నం సయించలేదు.

"గాలి చల్లగ కొడ్తదట," అన్నాడు జొన్నరొట్టె తుంచుతూ, ఎవరూ అడక్కుండానే.

"ఎవలకు?" అంది గౌరీబాయి. పెళ్లై ఎనిమిది నెలలు. ఇంట్లో మాట్లాడేది లంబాడీ అయినా మొగుణ్ని ఏడిపించాలంటే ఆమె తెలుగులోకి దిగేది.

"ఏసుపాదానికి. ఆ పేపరు ముక్క నేనే గద ఇచ్చిన. నేను చింపకపోతే వానికి తెల్వకపోవు."

"నువ్వు చింపకపోయినా నీకు టైపు రాదు గద."

"వస్తది."

"రెండు వేళ్లతోని వస్తది," అని గౌరీబాయి రెండు చూపుడు వేళ్లు రొట్టె మీద టకటక ఆడించింది. దేవ్‌సింగ్ కంచం వదిలి లేచిపోయాడు. సగం దూరం వెళ్లి, మిగిలిన రొట్టె కోసం మళ్లీ వచ్చాడు.

పదో తారీఖు శనివారం మధ్యాహ్నం పోస్ట్‌మన్ పర్వతాలు సైకిలు బెల్లు కొడుతూ తండాలోకి వచ్చాడు.

"ఓ దేవ్‌సింగూ! కోదాడ నుంచి టైపు కొట్టిన లెటర్ వచ్చింది. నౌకరీ గావచ్చు. మిఠాయి తేకపోతే ఇయ్య."

మిఠాయి లేదు. గౌరీబాయి చెంబు నిండా మజ్జిగ ఇచ్చింది. దేవ్‌సింగ్ కవరు చించి నిలబడే చదివాడు. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. పెదవులు కదుపుతూ, తెలియని మాట దగ్గర ఆగుతూ, మళ్లీ వెనక్కి పోతూ చదివాడు. పర్వతాలు మజ్జిగ తాగి మూతి తుడుచుకుని అక్కడే నిలబడ్డాడు. చుట్టూ పదిమంది చేరారు.

సంగతి ఇది. టైపిస్టు క్లర్కు ఉద్యోగానికి మీ దరఖాస్తు అందింది. ఆ ఉద్యోగానికి లోయర్ సర్టిఫికెట్ తప్పనిసరి. మీ దగ్గర అది లేదు కనుక దానికి మిమ్మల్ని పరిశీలించలేకపోతున్నాము. అయితే విత్తన మడుల్లో మీ అనుభవం గురించి రాసింది చదివాము. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు మాకు విత్తనం పండించే రైతుల పొలాలు చూడటానికి ఫీల్డ్ అసిస్టెంట్ కావాలి. దానికి ఇంటర్ చాలు, టైపు అక్కర్లేదు, సైకిలు తొక్కడం రావాలి. ఇష్టమైతే పన్నెండో తారీఖు సోమవారం పొద్దున పది గంటలకు అసలు సర్టిఫికెట్లతో కోదాడ ఆఫీసుకు రండి. పొలంలో పరీక్ష ఉంటుంది. ఈ ఉత్తరం నియామకం కాదు. కింద సంతకం రంగనాయకమ్మ అని ఉంది, సిబ్బంది వ్యవహారాలు చూసే అధికారి.

"అయితే నౌకరీ రాలే," అన్నాడు పర్వతాలు.

"ఒకటి రాలే, ఇంకోటి రమ్మంటున్నరు," అంది గౌరీబాయి. "మంచిదే గద?"

దేవ్‌సింగ్ మాత్రం కాగితం అడుగున ఎడమ మూలకేసి చూస్తున్నాడు. చీమ తలంత అక్షరాలు, నడుమ ఒక గీత. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో రెండు నెలల్లో అతడు సరిగ్గా నేర్చుకున్నది బహుశా ఈ ఒక్కటే. ముందున్నవి ఉత్తరం చెప్పినవాళ్ల పొడి అక్షరాలు. గీత తరువాతవి టైపు కొట్టినవాడివి. అక్కడ ఏసుపాదం పేరు అక్షరాలు కూర్చుని ఉన్నాయి, ఫ్యాన్ కింద కూర్చున్నంత హాయిగా.

"వాడే కొట్టిండు," అన్నాడు. ముఖం నల్లబడింది.

"ఏంది?"

"ఈ లెటరు. వాడు కుర్సీల కూసోని నాకు టైపు రాదని టైపు కొట్టిండు. నన్ను బురదలకు పంపుమని మేడమ్‌కు చెప్పింది గూడ వాడే అయి ఉంటడు. పాపం దోస్తుగాడు, ఏదన్న ఇయ్యిండ్రి అని బతిలాడి ఉంటడు."

"అదంత గీ కాగితంల రాసి ఉందా?" అంది గౌరీబాయి.

"రాసే పని లేదు. నాకు తెల్సు."

శనివారం సాయంత్రం వెళ్లనన్నాడు. ఆదివారం పొద్దున కూడా వెళ్లనన్నాడు. మధ్యాహ్నం ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి పొయ్యి దగ్గరికి తీసుకుపోయాడు. గౌరీబాయి ఆపలేదు. పొయ్యిలో నిప్పు లేదని ఆమెకు తెలుసు. అతడు ఉత్తరం పట్టుకుని బూడిద కేసి చూస్తూ కూర్చుంటే, ఆమె మాత్రం చొక్కా ఉతికి ఆరేసింది.

"ఎందుకు ఉతికినవ్?"

"రేపు నువ్వు పోవా? ఏసుపాదం అన్నకు ఎదురుంగ నిలబడి నాలుగు తిట్టాలె గద. మురికి అంగితోని తిడ్తవా?"

ఆ మాట అతనికి నచ్చింది. తిట్టడానికైతే పోవచ్చు. తిట్టాలంటే పది గంటలలోపే పోవాలి, ఎందుకంటే తరువాత వాడు పనిలో ఉంటాడు. సర్టిఫికెట్లు కూడా పట్టుకుపోవాలి, ఇంట్లో పెడితే ఎలుకలు కొరుకుతాయి. ఇలా తనకు తానే సర్దిచెప్పుకుని సోమవారం తొలి బస్సెక్కాడు. హుజూర్‌నగర్‌లో బస్సు మారి కోదాడలో దిగేసరికి పది దాటి పావుగంటైంది.

ఆఫీసంటే రోడ్డు పక్కన ఒక గోదాము, దానికి ఆనుకుని రెండు గదులు. మొదటి గదిలో ఏసుపాదం ఉన్నాడు. దేవ్‌సింగ్ అనుకున్నట్టే కుర్చీ ఉంది, మిషన్ ఉంది, నెత్తిన ఫ్యాన్ తిరుగుతోంది. అనుకోనిది ఏమిటంటే ఏసుపాదం ఇస్త్రీ ప్యాంటు. కత్తితో గీసినట్టు మడత. దేవ్‌సింగ్ కళ్లు ఆ మడత మీద పడి కాసేపు లేవలేదు. తిట్టడానికి వచ్చిన సంగతి మరిచి, తన చొక్కా ముడతలు చేత్తో సవరించుకున్నాడు.

"వచ్చినవా? రావేమో అనుకున్న," అన్నాడు ఏసుపాదం. నవ్వలేదు.

"వస్తే నీకేం కష్టం?"

"నాకేం కష్టం రా?"

లోపలి గది నుంచి గొంతు వినిపించింది. "దేవ్‌సింగ్ గారేనా? పావుగంట ఆలస్యమయ్యారండీ. లోపలికి రండి."

రంగనాయకమ్మకు నలభై దాటి ఉంటాయి. నందిగామ వైపు మనిషి. వ్యవసాయం చదివి, పదేళ్లు పొలాల వెంట తిరిగి, ఇప్పుడు మనుషుల్ని ఎంచే పనిలోకి వచ్చింది. బల్ల మీద అతని దరఖాస్తు ఉంది. లోయర్ గడి దగ్గర నీలం గీత. చివర్న రాసిన ఆరు వరుసల కింద ఎర్ర గీత.

"ఇది మీరే రాశారా? ఎవరైనా చెబితే రాశారా?"

"నేనే మేడమ్."

"ఎండ వీపు మీద పడాలి అన్నారు. ఎందుకని?"

"ఎదురెండల అన్ని ఆకులు ఒక్కతీరుగ మెరుస్తయి మేడమ్. ఎండ ఎన్క ఉంటే రంగు తేడా దొర్కుతది."

ఆమె తల ఊపింది. "టైపు పోస్టు మీకు ఇవ్వలేనండీ, దానికి సర్టిఫికెట్ ఉన్న అబ్బాయి దొరికాడు. ఈ పోస్టుకు మాత్రం ఇంటర్ పాసై పొలం తెలిసినవాడు నాకు ఇంతవరకూ దొరకలేదు. చూద్దాం పదండి. ఏసుపాదం, ప్యాడ్ తీసుకుని నువ్వూ రా, లెక్క రాయాలి."

ఏసుపాదం తన ప్యాంటు వంక చూసుకున్నాడు. ఆ ఉదయం దేవ్‌సింగ్‌కు దక్కిన మొదటి సంతోషం అదే.

కంపెనీ జీపులో ఊరి బయటికి వెళ్లారు. ఎకరం మడి. బిక్షం అనే రైతుది. వరి ఈనింది. మరునాడు కేళీలు తీయించాలని ముందురోజే కంపెనీ మనిషి ఒకడు మడంతా తిరిగి, ఎక్కడెక్కడ ఉన్నాయో పటం గీసి పెట్టాడు. ఆ పటం రంగనాయకమ్మ సంచిలో ఉంది. పీకవద్దు, దగ్గరికి వెళ్లి చెయ్యెత్తి చూపిస్తే చాలు అంది. గంట సమయం.

దేవ్‌సింగ్ వెంటనే దిగలేదు. తల ఎత్తి సూర్యుణ్ని చూశాడు. గట్టు వెంట తిరిగి తూర్పు వైపుకు పోయాడు. వీపు మీద ఎండ పడ్డాక ప్యాంటు మడుచుకుని దిగాడు. బారుల నడుమ పైరు నలగకుండా పాదం పక్కకు తిప్పి వేసే నడక అతనిది.

"గీడ," అన్నాడు. తక్కిన వాటికన్నా జానెడు పొడుగున్న మొక్క. "గీడొకటి." గింజ చివర మీసాలున్న కంకి. "గీడ, దీని మొదట్ల ఎరుపుంది సూడుండ్రి."

మొదటి బారు చివరికొచ్చేసరికి ఏసుపాదం గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ప్యాడ్ మీద ఏదో రాస్తూ నవ్వినట్టు అనిపించింది. ఏం రాస్తున్నాడు? ఎందుకు నవ్వాడు? దేవ్‌సింగ్ రెండో బారు మొత్తం ప్యాడ్‌ను చూస్తూనే నడిచాడు. మోకాలికి తగిలిన మొక్కను కూడా చూడలేదు.

"ఆగండి!" అని కేకేసింది రంగనాయకమ్మ. "వెనకాల ఒకటి వదిలేశారు. అది గుడ్డివాడికి కూడా తగులుతుంది. మీ కళ్లు వరిలో లేవండీ, ఆ అబ్బాయి ప్యాడ్ మీద ఉన్నాయి. ఇంకొకటి వదిలితే పంపించేస్తాను."

బిక్షం గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించుకుంటూ, "ఎవలయ్యా ఈ పిల్లగాడు? నా వరిని తొక్కుడు తప్ప ఏం జేస్తలేడు," అన్నాడు.

దేవ్‌సింగ్ చెవులు కాలాయి. తల వంచుకున్నాడు. ఆ తరువాత గట్టు మీద గొడుగున్నదో లేదో అతనికి తెలియలేదు. పైరు తప్ప ఏదీ కనబడలేదు. గంట అయ్యేసరికి పటంలో ఉన్న పద్దెనిమిదిలో పదిహేడు పట్టాడు. పటంలో లేనివి ఇంకో అయిదు చూపించాడు. బయటికి వస్తూ పడమటి గట్టు దగ్గర ఆగి, పక్క మడిదాకా అంగలు వేసి కొలిచాడు.

"మేడమ్, పక్క మడిల వేరే రకం ఉంది. నడుమ మూడు మీటర్లు ఇడ్సాలె గద? గీడ రెండే ఉంది. ఈ అంచు పంట విత్తనానికి కలపొద్దు."

బిక్షం బీడీ తీసి పారేశాడు. "వామ్మో! పిల్లగాడు కాదు, పోలీసోడు!"

రంగనాయకమ్మ స్వయంగా అంగలు వేసి చూసింది. తరువాత అంచు పంట వేరుగా కోయడం గురించి బిక్షంతో మాట్లాడటానికి అవతలికి వెళ్లింది. గట్టు మీద స్నేహితులిద్దరే మిగిలారు. దేవ్‌సింగ్ కాలువలో కాళ్లు కడుక్కుంటున్నాడు.

"సంతోషమా?" అన్నాడు తల ఎత్తకుండా. "నువ్వు చెప్పి ఇప్పిస్తున్న నౌకరీ. గొడుగు పట్టుకోని సూడనీకె వచ్చినవ్."

"నేను చెప్పి?" ఏసుపాదం గొడుగు మూశాడు. "నేనేం చెప్పలే. చెప్తే గిప్తే ఒద్దని చెప్తును."

"ఏంది?"

"నేను చేరిన అయిదో రోజు మేడమ్ నీ దరఖాస్తు నా ముందర పెట్టింది. ఎర్ర గీతలు కొట్టి. సూడు ఏసుపాదం, మనిషి ఎట్ల రాసిండో, ఇట్లాంటోడు కావాలె అన్నది. నా దరఖాస్తు మీద ఒక్క గీత లేదు రా. సర్టిఫికెట్ చూసిండ్రు, మిషన్ మీద కూసోబెట్టిండ్రు, ఖతం. నీకు రాసే లెటరు నాతోనే కొట్టిచ్చింది. కడుపు మండింది. కొట్టినంక రెండు రోజులు డ్రాయర్ల పెట్టిన. అయిదో తారీఖు లెటరు ఏడో తారీఖు పోస్టుల ఏసిన. ఆలస్యంగ అందితే నువ్వు రావనుకున్న."

దేవ్‌సింగ్ కాలు కడగడం ఆపాడు. ఇంత సేపూ తానొక్కడే ఏడుస్తున్నాననుకున్నాడు. అవతలి వాడు తనకన్నా ముందే మొదలుపెట్టాడని తెలిసేసరికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని వెనకే ఇంకేదో చల్లగా దిగింది. ఏసుపాదం, ఆ ఇస్త్రీ ప్యాంటు, ఆ ఫ్యాను ఉన్న మనిషి, తనను చూసి కుళ్లుకున్నాడు! ఎర్ర గీత కింది ఆరు వరుసలు చూసి!

"మరి ఎందుకు ఏసినవ్ పోస్టుల?"

"మేడమ్ అడిగింది, పంపినవా అని." ఏసుపాదం మడమతో మట్టి గీకాడు. "అడగకపోతే ఏమో, నాకు తెల్వదు."

"లంగ దొంగ."

"నువ్వు తక్కువా? మేడమ్ చూస్తుండగనే వరి ఇడ్సిపెట్టి నా ప్యాడ్ సూస్తివి."

రంగనాయకమ్మ తిరిగొచ్చింది. ఆమె నిలబడే చెప్పేసింది. "దేవ్‌సింగ్ గారూ, ఆరు నెలలు పరిశీలన మీద ఉంటారు. అదీ బాగుంటే ఖాయం చేస్తాం. మిర్యాలగూడలో మకాం, అక్కడి మడులన్నీ మీవి. తప్పు మడిని బాగుందని రాస్తే ఆ రోజే ఇంటికి. మీరు టైపు నేర్చుకుని మళ్లీ ఆ పోస్టుకే ప్రయత్నిస్తానంటే కాదనను, కానీ ఈ పోస్టు అప్పటిదాకా ఖాళీగా ఉంచలేను. ఇప్పుడే చెప్పాలి. అవునా, కాదా?"

అతడు ఏసుపాదాన్ని చూశాడు. కుర్చీ గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ కుర్చీ మీద మనసు ఇంకా పోలేదు. తరువాత మడిని చూశాడు. తాను చూపించిన చోట్లన్నీ కళ్లకు కడుతున్నాయి, ఏ బారులో ఏ మొక్కో చెప్పగలడు.

"చేస్త మేడమ్."

"అయితే ఆఫీసుకొచ్చి ఒప్పుకుంటున్నట్టు రాసివ్వండి."

ఆఫీసులో ఏసుపాదం మిషన్‌కు కాగితం ఎక్కించాడు. "చెప్పు, నేను కొట్టి ఇస్త. రెండు నిమిషాల పని."

"అవసరం లేదు. నా చెయ్యి ఉంది."

జేబులోని పెన్ను తీసి బల్ల మూలన నిలబడే రాశాడు. నాలుగు వరుసల ఇంగ్లీషుకు నలభై నిమిషాలు పట్టింది. మూడు కాగితాలు నలిపాడు. రంగనాయకమ్మ చదివింది, ఒకచోట నవ్వు రాకుండా పెదవి బిగబట్టుకుంది, తారీఖు వేయలేదని వేయించింది, ఫైల్లో పెట్టింది. లోపలికి వెళ్తూ ఏసుపాదానికి నియామకపు ఉత్తరం కొట్టమని చెప్పింది.

దేవ్‌సింగ్ వెళ్లి ఏసుపాదం కుర్చీ వెనకాల నిలబడ్డాడు.

"బయట కూసో. అయినంక పిలుస్త."

"కూసోను. నువ్వు కొట్టు. మేడమ్ సంతకం అయి నా చేతికొచ్చేదాంక గీడికెళ్లి కదలను. డ్రాయర్ మూసెయ్యి."

ఏసుపాదం డ్రాయర్ మూశాడు. పది వేళ్లూ కదలడం మొదలుపెట్టాయి. దేవ్‌సింగ్ వాటిని కన్నార్పకుండా చూశాడు, కుళ్లుకుంటూనే చూశాడు. అంత దగ్గరగా వంగేసరికి ఏసుపాదం మెడకు ఊపిరి తగిలింది.

"జర దూరం జరుగు రా. తప్పులు పడ్తయి."

"పడితే మళ్ల కొట్టు. మా తండా దిక్కు పోయే మిర్యాలగూడ బస్సు నాలుగింటికి."